బైక్ మీంచి పడ్డాక భుజం మీద లేచే బొడిపె: లేచింది బొక్క కాదు, జారింది చెయ్యి

వరి కోతలయ్యాక మా వరంగల్ చుట్టుపక్కల ఏ రోడ్డు మీదకు వెళ్లినా సగం రోడ్డు వడ్లే ఉంటాయి. పరకాల రోడ్డు, నర్సంపేట రోడ్డు, ములుగు రోడ్డు, అన్నీ అంతే. రైతు ఎండబోసుకోవడానికి వేరే జాగా లేదు, బండి మీద వచ్చేవాడికి చీకట్లో వడ్లు కనపడవు, వాటి చుట్టూ పెట్టిన రాళ్లు అసలే కనపడవు. ముందు టైరు వడ్ల మీదికి ఎక్కి బ్రేక్ పడితే బండి ఒక పక్కకు ఒరిగిపోతుంది, మనిషి అదే పక్కకు భుజం మీద పడతాడు. లేచి దులుపుకుని, ఏం కాలేదనుకుని, ఇంటికి పోయి చొక్కా విప్పితే భుజం పైన, కాలర్ బోన్ చివర్న, నిమ్మకాయంత బొడిపె. ముట్టుకుంటే నొప్పి, చెయ్యి పక్కకు లేపితే నొప్పి, ఆ పక్కకు తిరిగి పడుకోలేడు.

నేను ఫిజియోథెరపీ చేసేవాణ్ని కాబట్టి ఈ బొడిపెలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి, ఎక్కువగా ఆలస్యంగా వస్తాయి. వచ్చిన ప్రతి ఒక్కరి మాటా ఒకటే: "సార్, బొక్క పైకి లేచింది, లోపలికి నూకి కట్టు కడితే అయిపోతది కదా." ఈ దెబ్బ గురించి జరిగే సగం అనర్థం ఈ ఒక్క మాటలో ఉంది. ఎందుకంటే చాలావరకు బొక్క ఉన్నచోటే ఉంది, కిందికి పోయింది చెయ్యి. ఈ ఒక్క సంగతి సరిగ్గా అర్థమైతే కట్టు ఎందుకు పనిచేయదో, మెడకు వేలాడే చేతిపట్టీ ఎందుకు వేస్తారో, ఆపరేషన్ ఎవరికి కావాలో, బొడిపె పోకపోయినా చెయ్యి ఎందుకు బాగవుతుందో అన్నీ దాని వెనకే వస్తాయి.

ముందు మీ బాగున్న భుజం మీద వేలు పెట్టి చూడండి. గొంతు గుంట దగ్గర మొదలుపెట్టి కాలర్ బోన్ మీదుగా బయటికి జరుపుకుంటూ పోతే, భుజం చివరికి ఇంకా రెండు వేళ్ల దూరం ఉందనగా చిన్న గట్టు, దాని పక్కన చిన్న పల్లం తగులుతుంది. అక్కడ కాలర్ బోన్ అయిపోయింది. ఆ తర్వాత తగిలే చదునైన ఎముక వీపు వెనక ఉండే రెక్క ఎముకదే, అది వెనక నుంచి పైకి వంగి వచ్చి భుజానికి కప్పులాగా నిలబడుతుంది. డాక్టర్లు దాన్ని అక్రోమియన్ అంటారు. ఈ రెండూ కలిసే చోటునే రిపోర్టుల్లో ఏసీ జాయింట్ అని రాస్తారు. చాలా చిన్న కీలు, చెయ్యి తిరిగే పెద్ద గూడ కీలు ఇది కాదు, అది దీని కింద ఉంటుంది. ఏసీ జాయింట్ దెబ్బ తిన్నదంటే "గూడ జారింది" అనుకుంటారు చాలామంది, అది వేరే దెబ్బ, దాని చికిత్స కూడా వేరే.

చేతికీ మొండేనికీ మధ్య ఎముకతో ఎముకకు ఉన్న బంధం ఈ కాలర్ బోన్ ఒక్కటే, మిగతా అంతా కండరాలు పట్టి ఉంచుతాయి. అంటే చెయ్యి బరువు, రెక్క ఎముక బరువు కాలర్ బోన్ బయటి చివర నుంచి వేలాడుతున్నాయన్న మాట. వేలాడదీసే తాళ్లు రెండు రకాలు. ఒకటి కీలు చుట్టూ అంటుకుని ఉండే పొట్టి లిగమెంట్లు, ఇవి కాలర్ బోన్ చివర ముందుకూ వెనక్కూ జారకుండా చూస్తాయి. రెండోది అసలైన బలం. కీలుకు కొంచెం లోపలి వైపు, కాలర్ బోన్ అడుగు నుంచి రెక్క ఎముకకు ముందు వైపు పొడుచుకు వచ్చిన కొక్కెం లాంటి కొసకు రెండు గట్టి తాళ్లు దిగుతాయి, పైకీ కిందికీ జరగకుండా ఆపేవి అవే. కావడి బద్ద చివర కుండ వేలాడుతున్నట్టు ఊహించుకోండి. తాడు తెగితే కుండ కిందికి పోతుంది, బరువు తగ్గిన బద్ద కొస కొద్దిగా పైకి లేస్తుంది. చూసేవాడికి బద్ద లేచినట్టే కనిపిస్తుంది. మెడ నుంచి వచ్చే కండరం కాలర్ బోన్‌ను కొంచెం పైకి లాగే మాట నిజమే, కానీ తేడాలో పెద్ద వాటా చెయ్యి కిందికి దిగడానిదే.

ఇప్పుడు పడటం దగ్గరికి వద్దాం. చెయ్యి చాచి అరచేతి మీద పడితే మణికట్టో మోచెయ్యో విరగొచ్చు, గూడ జారొచ్చు. కానీ బండి హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి పక్కకు ఒత్తుకునే ఉండి మనిషి నేరుగా భుజం కొస మీద రోడ్డుకు కొట్టుకుంటే, ఆ దెబ్బ అక్రోమియన్‌ను కిందికి తోస్తుంది. కాలర్ బోన్ లోపలి చివర ఛాతీ ఎముకకు గట్టిగా కట్టి ఉంది కాబట్టి అది అంత కిందికి రాలేదు. రెండింటి మధ్య ఏదో ఒకటి ఓడిపోవాలి. ఎముక ఓడితే కాలర్ బోన్ విరుగుతుంది, తాళ్లు ఓడితే ఈ బొడిపె వస్తుంది. మోటార్ బైక్ అయినా సైకిల్ అయినా ఇదే లెక్క, సైకిల్ పందేల వాళ్లకు కూడా ఇది మామూలు దెబ్బే. హెల్మెట్ తలను కాపాడుతుంది, భుజాన్ని కాదు. పెట్టుకోవద్దని కాదు నా ఉద్దేశం.

రోడ్డు పక్కన కూర్చున్న ఆ పది నిమిషాల్లో తెలుసుకోవాల్సింది, ఇది ఏసీ జాయింటేనా ఇంకేదైనానా అని. నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమని అడగండి. ఏసీ దెబ్బ తిన్నవాడు వేలు తీసుకెళ్లి సరిగ్గా భుజం పైన ఆ కీలు మీదే పెడతాడు. కాలర్ బోన్ మధ్యలో ఉబ్బి, ముట్టుకుంటే కరకరమంటే అది విరిగినట్టు. భుజం గుండ్రం పోయి పక్క నుంచి చదునుగా అయిపోయి, మోచెయ్యి ఒంటికి ఆనించలేకపోతే గూడ జారినట్టు. అది వెంటనే సరిచేయాల్సిన దెబ్బ, కానీ సరిచేయాల్సింది ఆసుపత్రిలో, రోడ్డు మీద ఎవరో లాగడం కాదు. ఇంకొన్ని ఉన్నాయి, వాటిని చూస్తే బొడిపె సంగతి తర్వాత అనుకుని నేరుగా ఎమర్జెన్సీకి పోవాలి: చేతి వేళ్లు తిమ్మిరెక్కడం, చల్లబడటం, ఊపిరి తీస్తే పక్కటెముకల్లో పొడవడం లేక ఆయాసం, మెడ వెనక మధ్యలో నొప్పి, కాసేపైనా స్పృహ తప్పడం, ఎముక లోపలి నుంచి తోసి చర్మం తెల్లబడటం. భుజం మీద దృష్టి పెట్టి విరిగిన పక్కటెముకను వదిలేసిన కేసులు తక్కువేం కాదు, రెండూ ఒకే పక్కన పడ్డ దెబ్బే కదా.

అలాంటివేం లేకపోతే అప్పటికి చేయాల్సింది చిన్నదే. మోచెయ్యి వంచి, ముంజెయ్యి పొట్టకు ఆనించి, తువ్వాలో చున్నీనో మెడకు వేసి చెయ్యి బరువు దాని మీద పెట్టాలి. ఉంగరాలు, కడియాలు, వాచీ ఉంటే వాపు రాకముందే తీసేయాలి. ఐసు గుడ్డలో చుట్టి పావుగంట పెట్టాలి, రోజుకు నాలుగైదు సార్లు, రెండు మూడు రోజులు. ఆ రెండు మూడు రోజులు వేడి కాపడం, తైలం రుద్దడం, జండూబామ్ పూసి పిసకడం వద్దు. కొత్తగా తెగిన చోట అవి వాపును పెంచుతాయే కానీ తగ్గించవు.

ఇక కట్టు సంగతి. మా జిల్లాల్లో ప్రతి నాలుగు ఊళ్లకు ఒక కట్టు కట్టేటాయన ఉంటాడు, కొందరు పుత్తూరు కట్టు అని బోర్డు కూడా పెట్టుకుంటారు. వాళ్లందరినీ తిట్టడం నా పని కాదు. కానీ ఈ ఒక్క దెబ్బలో మాత్రం కట్టు ఎందుకు నిలవదో చూడండి. బొడిపె మీద బొటనవేలితో నొక్కి, మోచేతిని కింద నుంచి ఎత్తితే బొడిపె మాయమవుతుంది. చూసేవాళ్లు "కూసుంది" అంటారు. చెయ్యి వదలగానే మళ్లీ లేస్తుంది, ఎందుకంటే పట్టి ఉంచే తాళ్లు తెగి ఉన్నాయి, ఏ కట్టూ రోజంతా నాలుగు కిలోల చెయ్యిని అంత కచ్చితంగా ఎత్తి పట్టలేదు. గట్టిగా బిగిస్తే బొడిపె మీది చర్మం నలిగి పుండు పడుతుంది. ఇంగ్లిష్ వైద్యంలో కూడా ఒకప్పుడు కాలర్ బోన్‌ను కిందికి నొక్కి మోచేతిని పైకి లాగే బెల్టులు వాడారు, చర్మం పుండ్లు పడటం వల్లే వాటిని చాలావరకు వదిలేశారు. వాళ్లు వదిలేసినదాన్ని మనం వెదురు బద్దలతో మళ్లీ మొదలుపెట్టాల్సిన పని లేదు.

ఒక కేసు పూర్తిగా చెప్తాను, అందులో దెబ్బ ఎంత పెద్దదో చెప్పే గ్రేడ్లన్నీ వాటంతటవే వస్తాయి. ముప్పై ఆరేళ్ల మనిషి, ఎరువుల దుకాణంలో పని, బిల్లులు రాస్తాడు, అవసరమైతే బస్తా కూడా లేపుతాడు. రాత్రి పరకాల నుంచి హనుమకొండకు వస్తూ వడ్ల మీద జారి ఎడమ భుజం మీద పడ్డాడు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక నొప్పి ఇంజెక్షన్ ఇచ్చాడు. మూడో రోజు వచ్చాడు, వాళ్లమ్మతో. ఆమె కూర్చోకముందే అడిగింది, "బిడ్డా, ఆపరేషన్ లేకుండ ఈ బొక్క కూసుంటదా?" బొడిపె నిలబడి ఉంటే స్పష్టంగా కనిపిస్తోంది, మంచం మీద పడుకోబెడితే సగం తగ్గిపోయింది. ఆ తేడానే ఆమెకు చూపించాను. పడుకుంటే చెయ్యి కిందికి లాగదు, అందుకే తగ్గింది, లేచేది బొక్కే అయితే పడుకున్నా ఉండాలి కదా అని.

ఎక్స్‌రే దగ్గర చాలా పొరపాట్లు జరుగుతాయి కాబట్టి కొంచెం ఆగి చెప్తాను. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో పైన చెప్పిన కారణంగానే దెబ్బ చిన్నదిగా కనిపిస్తుంది. నిలబెట్టి, పట్టీ తీసి, చెయ్యి వదులుగా కిందికి వేలాడుతుండగా తీయాలి. మామూలు భుజం ఎక్స్‌రేలో ఈ కీలు మీద వెనక ఎముక నీడ పడుతుంది, పైగా దాని మోతాదు పెద్ద గూడ కీలుకు సరిపడేది, అది ఈ చిన్న కీలుకు ఎక్కువై ఫిల్మ్ నల్లబడుతుంది. అందుకే ట్యూబును పది పదిహేను డిగ్రీలు పైకి వంచి, మోతాదు దాదాపు సగానికి తగ్గించి తీయమంటారు, జాంకా వ్యూ అంటారు దాన్ని. రెండు భుజాలూ తీయాలి, ఎందుకంటే మనిషి మనిషికీ ఈ ఖాళీ వేరే, పోల్చుకోవడానికి అతని బాగున్న భుజమే కొలబద్ద. వీటికి తోడు చంక వైపు నుంచి ఒకటి. అది ఎందుకంటే కాలర్ బోన్ చివర వెనక్కి జారి కండరంలో గుచ్చుకుపోతే ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో దాదాపు మామూలుగానే కనిపించొచ్చు. చేతులకు బరువులు కట్టి తీసే పద్ధతి పాతది, నొప్పి పెట్టడం తప్ప చికిత్సను మార్చేదేమీ అందులో ఉండదు.

కొలిచేది కాలర్ బోన్ అడుగుకీ ఆ కొక్కెం కొసకీ మధ్య దూరం. ఇతని బాగున్న కుడి పక్కన 12 మిల్లీమీటర్లు. దెబ్బ తిన్న ఎడమ పక్కన 20. అంటే 8 ఎక్కువ, పన్నెండుకు ఎనిమిది అంటే మూడింట రెండు వంతులు, సుమారు 67 శాతం. ఈ శాతమే గ్రేడును చెప్తుంది. కీలు చుట్టూ ఉన్న పొట్టి లిగమెంట్లు సాగి మాత్రమే ఉండి, ఎక్స్‌రేలో ఏ తేడా లేకపోతే గ్రేడ్ 1, వట్టి బెణుకు. పొట్టివి తెగి, కింది గట్టి తాళ్లు సాగి, ఖాళీ పావు వంతు లోపే పెరిగితే గ్రేడ్ 2. రెండు రకాలూ తెగి, పావు నుంచి రెట్టింపు దాకా పెరిగితే గ్రేడ్ 3, ఇతనిది అదే. రెట్టింపు దాటితే గ్రేడ్ 5, అక్కడ తాళ్లతో పాటు పైన కప్పిన కండరాల అతుకు కూడా చిరిగి ఉంటుంది. మధ్యలో వదిలేసిన 4 ఇందాక చెప్పిన వెనక్కి జారినది, 6 కాలర్ బోన్ చివరే కిందికి దూరిపోయినది, అది చాలా అరుదు. రాక్‌వుడ్ గ్రేడింగ్ అని రిపోర్టులో కనిపిస్తే ఇదే అనుకోండి.

మూడుకీ అయిదుకీ తేడా తెలిసే చిన్న పరీక్ష ఒకటి ఉంది, ఎక్స్‌రే లేకుండా. "నాకేం తెలుసు" అన్నట్టు భుజాలు రెండూ పైకి ఎగరేయమంటాం. గ్రేడ్ 3లో అలా చేస్తే బొడిపె చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే కండరం చెయ్యిని పైకి లేపి కాలర్ బోన్ దగ్గరికి తెస్తుంది. గ్రేడ్ 5లో తగ్గదు, ఎముక చిరిగిన కండరంలోంచి బయటికి వచ్చేసి ఉంటుంది కాబట్టి. ఇతనికి తగ్గింది. ఇంట్లో కూర్చుని పది సార్లు చేసి చూసుకోకండి, ఒకసారి తెలిస్తే చాలు.

ఇప్పుడు అసలు గొడవ: ఆపరేషనా కాదా. 1, 2 గ్రేడ్లకు అక్కర్లేదు, ఇందులో వాదన లేదు. 4, 5, 6 గ్రేడ్లకు సాధారణంగా ఆపరేషన్ చెప్తారు, ముఖ్యంగా 4, 6. వాదనంతా గ్రేడ్ 3 మీదే, ఎన్నో ఏళ్లుగా. ఎక్స్‌రే చూస్తే ఎవరికైనా భయమేస్తుంది, ఎముకలు విడిపోయి ఉన్నాయి, ప్లేటు వేసి కూర్చోబెడితే పోలా అనిపిస్తుంది. కెనడాలో పలు ఆసుపత్రుల సర్జన్లు కలిసి 83 మందిని, గ్రేడ్ 3 నుంచి 5 దాకా తాజాగా దెబ్బ తిన్నవాళ్లను, చీటీ తీసినట్టు రెండు గుంపులు చేశారు, ఒక గుంపుకు కొక్కెం ఉన్న ప్లేటు వేశారు, రెండో గుంపుకు పట్టీ, వ్యాయామం. ఫలితాలు 2015లో వచ్చాయి. ఎక్స్‌రేలో ఆపరేషన్ గుంపుదే బాగుంది, అందులో ఆశ్చర్యం లేదు. కానీ చెయ్యి పనిచేయడంలో ఆరో వారం, మూడో నెల దగ్గర పట్టీ వేసుకున్నవాళ్లే ముందున్నారు, ఆరో నెల తర్వాత రెండేళ్ల దాకా చూసినా రెండు గుంపుల మధ్య తేడా లేదు. చిక్కులు మాత్రం ఆపరేషన్ గుంపులోనే ఎక్కువ.

ఆ చిక్కులు ఏమిటో కూడా తెలిసి ఉండాలి. కొక్కెం ప్లేటు అక్రోమియన్ కిందికి దూరుతుంది, చెయ్యి లేపిన ప్రతిసారీ అక్కడ ఎముకను అరగదీస్తుంది, అందుకే కొన్ని నెలలకు దాన్ని తీయడానికి రెండో ఆపరేషన్ కావాలి. ఖర్చు అడిగేటప్పుడు రెండింటికీ కలిపి అడగండి, మొదటిదానికే కాదు. ఇంకో పద్ధతిలో కాలర్ బోన్‌కూ కొక్కెం కొసకూ రంధ్రం వేసి, గట్టి దారాన్ని రెండు చిన్న లోహపు బొత్తాలతో బిగిస్తారు. దాన్ని సాధారణంగా తీయనక్కర్లేదు, కానీ రంధ్రం దగ్గర ఎముక విరగొచ్చు, దారం వదులై ఖాళీ మళ్లీ పెరగొచ్చు. బొడిపె పోతుందని చేయించుకుంటే దాని బదులు మచ్చ ఉంటుంది. పెళ్లి కాని పిల్లకు ఏది మేలని ఒక తల్లి నన్ను అడిగింది. నా అభిప్రాయం చెప్పాను: చెయ్యి బాగుంటే అందం కోసం కోయించొద్దు, జాకెట్టు వేసుకుంటే బొడిపె కంటే గీతే ఎక్కువ కనిపిస్తుంది.

అయినా గ్రేడ్ 3లో ఆపరేషన్ ఎవరికీ వద్దని కాదు. ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీని తీసుకోండి. పత్తి బోరెం, మిర్చి బస్తా సరిగ్గా ఈ కీలు మీదే కూర్చుంటుంది, రోజంతా. గోడలకు రంగులు వేసేవాళ్లు, సెంట్రింగ్ పనివాళ్లు చెయ్యి తల మీదికి లేపే పనిచేయాలి. వీళ్లకు ఎముక సర్జన్‌తో మొదటి వారంలోనే మాట్లాడుకోవడం మంచిది, ఎందుకంటే తెగిన తాళ్లు తమంతట తాము అతుక్కునే శక్తి మొదటి మూడు వారాల్లోనే ఎక్కువ. ఆ గడువులో ఎముకలను దగ్గరికి తెచ్చి పెడితే సొంత తాళ్లే మానొచ్చు, అది దాటితే తొడ వెనక నుంచి నరం లాంటి టెండన్ తీసి కొత్త తాడు అల్లాల్సి వస్తుంది, పెద్ద ఆపరేషన్. అలాగని భయపడి తొందరపడక్కర్లేదు. ముందు పట్టీ, వ్యాయామం చేసి మూడు నెలలకూ పని కుదరని వాళ్లకు ఆ తర్వాత చేసే ఆపరేషన్ ఉంది, అది కష్టమైనదే కానీ తలుపు మూసుకుపోయినట్టు కాదు.

మన ఎరువుల దుకాణం మనిషికి సర్జన్ ఆపరేషన్ వద్దన్నాడు, కారణం అతనిది ఎడమ చెయ్యి, పనిలో బస్తాలు కొన్నే, భుజం ఎగరేస్తే బొడిపె తగ్గింది. వాళ్లమ్మ మాత్రం బొడిపె ఉండిపోతుందంటే ఒప్పుకోలేదు. "మరి ఏం వైద్యం చేసినట్టు?" అంది. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఏమిటంటే, తెగిన చోట మచ్చ కండ గట్టిపడుతుంది, రెక్క ఎముకను పట్టుకునే కండరాలకు పని నేర్పితే అవి ఆ లోటును తీరుస్తాయి. ఖాళీ అలాగే ఉంటుంది, నొప్పి పోతుంది, బలం చాలావరకు వస్తుంది.

పట్టీ ఎలా వేసుకోవాలన్నది చిన్న విషయంలా ఉంటుంది, కానీ సగం మంది తప్పుగానే వేసుకుని వస్తారు. మెడకు తాడు కట్టి మణికట్టు ఒక్కటే అందులో పెడితే మోచెయ్యి కిందికి వేలాడుతుంది, అంటే చెయ్యి బరువు మళ్లీ ఆ కీలు మీదే. సంచిలా ఉండి మోచేతి కింద పూర్తిగా పట్టుకునే పట్టీ కావాలి, ముంజెయ్యి నేలకు సమానంగానో, అరచెయ్యి మోచేతి కంటే కొంచెం ఎత్తుగానో ఉండాలి. అద్దం ముందు నిలబడి చూస్తే మోచెయ్యి పైకి ఎత్తి పట్టినట్టు, భుజాలు రెండూ దాదాపు ఒకే ఎత్తులో కనిపించాలి. గ్రేడ్ 1కి వారం లోపు, 2కి ఒకటి రెండు వారాలు, 3కి రెండు మూడు వారాలు, నొప్పిని బట్టి. ఆ తర్వాత కూడా "ఎందుకైనా మంచిది" అని నెలన్నర వేసుకుంటే భుజం బిగుసుకుపోతుంది, అందులోనూ షుగర్ ఉన్నవాళ్లకు అది ఎక్కువ. బొడిపె దెబ్బ మానిపోయి, బిగుసుకున్న గూడను వదిలించడానికి ఏడాది పట్టిన వాళ్లున్నారు.

ఇతను మొదటి వారం రాత్రులు వీపుకు రెండు దిండ్లు పెట్టుకుని సగం కూర్చున్నట్టు, మోచేతి కింద మడతపెట్టిన దుప్పటి పెట్టుకుని పడుకున్నాడు. చొక్కా వేసుకునేటప్పుడు దెబ్బ తిన్న చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు చివర్న తీయాలి, టీషర్టులు కొన్నాళ్లు మర్చిపోవాలి. పట్టీలో ఉన్నప్పుడే రోజుకు మూడు నాలుగు సార్లు వేళ్లు, మణికట్టు, మోచెయ్యి పూర్తిగా ఆడించాలి. నొప్పికి పారాసిటమాల్ చాలామందికి చాలు. డైక్లో లాంటివి కొద్ది రోజులకు పనికొస్తాయి కానీ కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు, ఇంజెక్షన్ రోజూ పొడిపించుకోవడం అసలే వద్దు.

రెండో వారం చివర్లో ముందుకు వంగి, బాగున్న చెయ్యి బల్ల మీద ఆనించి, దెబ్బ తిన్న చేతిని చిన్న గుండ్రాలుగా ఊపడం మొదలుపెట్టాం. చెయ్యి వేలాడేటప్పుడు కీలు దగ్గర లాగితే ఆపేసి, బదులుగా బల్ల మీద తువ్వాలు వేసి దాని మీద చెయ్యి ముందుకూ వెనక్కూ జరిపించాం. మూడో వారం పట్టీ తీసేశాక గోడ మీద వేళ్లు పాకించడం, భుజం ఎత్తు దాకానే. నాలుగో వారం నుంచి అసలైన పని, రెక్క ఎముకలు రెండూ వెనక దగ్గరికి తెచ్చి అయిదు లెక్కపెట్టే దాకా పట్టుకోవడం, తర్వాత తలుపు గొళ్లేనికి రబ్బరు బ్యాండు కట్టి మోచేతులు ఒంటికి ఆనించి వెనక్కి లాగడం. ఇది విసుగు పుట్టించే వ్యాయామం, చెమట కూడా పట్టదు, అందుకే అందరూ వదిలేసేది దీన్నే. చెయ్యి లేపినప్పుడు వెనక రెక్క ఎముక బయటికి ఎగిరి కనిపిస్తుందా అని ఇంట్లో వాళ్లను వీపు వైపు నుంచి చూడమనండి. ఎగురుతుంటే బరువులు పెంచే సమయం ఇంకా రాలేదు.

బండి ఎప్పుడు నడపొచ్చని అందరూ అడుగుతారు, రెండో రోజే. తేదీ చెప్పడం కంటే పరీక్ష చెప్పడం మేలు. పట్టీ లేకుండా హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని, ఎడమ చేత్తో క్లచ్, కుడి చేత్తో ముందు బ్రేకు గట్టిగా నొక్కగలగాలి, నిలబెట్టిన బండి మీద కూర్చుని బ్రేకు పడినట్టు ముందుకు ఒరిగితే నొప్పి వల్ల చెయ్యి వదిలేయకూడదు, భుజం మీదుగా వెనక్కి తిరిగి చూడగలగాలి. ఇతను ఆరో వారంలో పాసయ్యాడు. ఎరువు బస్తా మాత్రం మూడు నెలల దాకా వద్దన్నాం, జిమ్ పోయేవాళ్లకు బెంచ్ ప్రెస్, డిప్స్, పుషప్స్ కూడా అంతే, ఇవి మూడూ సరిగ్గా ఈ కీలునే నలిపే కదలికలు. కబడ్డీ ఆడే పిల్లలు ఇందుకు ఒప్పుకోరు, కానీ మచ్చ కండ గట్టిపడకముందే అదే భుజం మీద మళ్లీ పడితే గ్రేడ్ 2 కాస్తా 3 అవుతుంది.

పిల్లలంటే గుర్తొచ్చింది. పదిహేను పదహారేళ్ల లోపు వాళ్లకు ఇలా బొడిపె లేస్తే చాలాసార్లు తాళ్లు తెగవు, ఎముక చుట్టూ ఉండే గట్టి పొర చిరిగి ఎముక దాంట్లోంచి బయటికి వస్తుంది. తాళ్లు ఆ పొరకే పట్టుకుని ఉంటాయి, ఆ పొరలోనే కొత్త ఎముక పెరుగుతుంది. ఎక్స్‌రే భయంకరంగా ఉన్నా చాలామందికి పట్టీతోనే సరిపోతుంది.

చివరగా, మానకపోతే ఎలా తెలుస్తుందో. వింత ఏమిటంటే పెద్ద బొడిపె గ్రేడ్ 3 కంటే చిన్న దెబ్బ గ్రేడ్ 1, 2 వాళ్లే కొందరు నెలల తరబడి నొప్పితో తిరుగుతారు. గ్రేడ్ 3లో ఎముకలు దూరంగా ఉంటాయి కాబట్టి రాసుకోవు, చిన్న గ్రేడుల్లో అవి ఇంకా ఒకదానికొకటి ఆనుకునే ఉండి, మధ్యలో నలిగిన మెత్తటి పొర రాపిడికి గురవుతూ ఉంటుంది. గుర్తు ఇదీ: దెబ్బ తిన్న చేతిని ఎదుటి భుజం మీద వేసుకుంటే, సీటు బెల్టు లాక్కుంటే, ఆ పక్కకు పడుకుంటే, సరిగ్గా ఆ కీలు మీదే పొడుస్తుంది. మూడు నెలలు దాటినా అలా ఉంటే మళ్లీ ఎక్స్‌రే తీయించాలి. కొందరిలో, ముఖ్యంగా బరువులెత్తేవాళ్లలో, కాలర్ బోన్ చివర కరిగినట్టు కనిపిస్తుంది, కొందరిలో అరుగుదల మొదలవుతుంది. అప్పుడు కీలులోకి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి చూస్తారు, దానితో నొప్పి కొన్నాళ్లయినా పోతే నొప్పి ఈ కీలుదేనని కూడా రుజువవుతుంది. అది చాలకపోతే కాలర్ బోన్ చివర అర అంగుళం లోపు ముక్క తీసేసే చిన్న ఆపరేషన్ ఉంది, కింది గట్టి తాళ్లు బాగున్నవాళ్లకే. నొప్పి పైన కాకుండా జబ్బ పక్కన ఉండి, రాత్రిళ్లు ఎక్కువై, చెయ్యి సొంతంగా లేవకుండా ఎదుటివాళ్లు లేపితేనే లేస్తుంటే అది ఈ కీలు కాదు, లోపలి కండరం చిరిగి ఉండొచ్చు. నలభై దాటినవాళ్లు ఇది చూసి కూడా బొడిపె వల్లే అనుకుని ఊరుకోవద్దు, స్కాన్ అడగండి. ఎరువుల దుకాణం మనిషికి ఇవేవీ రాలేదు, నాలుగో నెలలో బస్తా లేపాడు. బొడిపె ఉంది, దాని మీద వేలు పెడితే నొప్పి లేదు, సంచి తాడు మాత్రం ఆ భుజానికి వేసుకోడు, ఒరుస్తుందట.